మహారాణి అనొద్దు, రేటు చెప్పండి

ఫిబ్రవరి ఆఖరులో మా ఖాలా కూతురు ఫోన్ చేసింది. వడ్లమూడిలో తనకొక చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. రెండు కుర్చీలు, ఒక ఫేషియల్ బెడ్, పనిలో ఇద్దరు అమ్మాయిలు. యూనివర్సిటీ పిల్లలు, సంగం డెయిరీ వైపు ఇళ్లవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే మన ఖవాతీన్, అందరూ తన గిరాకీలే.

"ఆపా, మార్చి 8 వస్తోంది. నువ్వు అఖ్బార్‌లో రాసే మనిషివి, నాలుగు లైన్లు రాసివ్వు. పోస్టర్ వేయిస్తా, వాట్సాప్‌లో పంపిస్తా" అంది.

పది నిమిషాల్లో రాసిచ్చాను. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే కదా! "మగువా, నువ్వే ఇంటికి వెలుగు. అమ్మవై, అక్కవై, ఆలివై అలసిపోయిన ఓ మహారాణీ, ఈ ఒక్క రోజు నీ కోసం. ఫేషియల్‌పై 50 శాతం తగ్గింపు." తెలుగు డిగ్రీ ఎందుకూ పనికిరాలేదనే వాళ్లకు జవాబు దొరికిందని కూడా అనుకున్నాను, అల్లాహ్ మాఫ్ కరే.

రెండు నిమిషాలు ఫోన్‌లో సప్పుడు లేదు. తర్వాత మెల్లగా అంది: "ఆపా, బాగుంది. కానీ నిన్ను ఎవరైనా ఇలా పిలిస్తే లోపలికి పోతావా?"

పోను. నిజానికి పోయి ఒకసారి దెబ్బతిన్నదాన్నే. పేరెందుకు గానీ, నాలుగేళ్ల కిందట ఒక ఊళ్లో ఒక పెద్ద సెలూన్ ముందు ఇలాంటి పోస్టరే చూసి వెళ్లాను. నఖాబ్ తీయగానే అక్కడి అమ్మాయి నా మొహాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లైటు వైపు తిప్పి, "చాలా ట్యాన్ అయింది మేడమ్, అస్సలు కేర్ తీసుకోరా?" అంది. గుమ్మం బయట మహారాణిని, గుమ్మం దాటగానే ముద్దాయిని. సగం ధర అన్నది ఒక్క ఫ్రూట్ ఫేషియల్‌కే అట, మా చర్మానికి అది సరిపోదట, సరిపోయేదానికి తగ్గింపు లేదట. పోస్టర్ మూలన చుక్క గుర్తు పక్కన చీమ తలకాయంత అక్షరాలతో అదంతా రాసే ఉంది. 1,400 కట్టి, పైగా థాంక్స్ చెప్పి వచ్చాను. ఆ థాంక్స్‌కే ఇప్పటికీ నా మీద నాకు కోపం.

అందుకే ఈ మాట రాస్తున్నాను. మార్చి 8న పోస్టర్లు వేసే సెలూన్ వాళ్లతో నా తక్‌రార్ తగ్గింపు గురించి కాదు, దాన్ని ఇజ్జత్ అని పిలవడం గురించి. వ్యాపారంలో తగ్గింపు ఉంటుంది. సంక్రాంతికిస్తారు, రంజాన్‌కిస్తారు, సరుకు పేరుకుపోతే ఇస్తారు. తప్పేం లేదు. కానీ "నువ్వు గొప్పదానివి కాబట్టి నీకు సగం ధర" అనే మాటలో ఒక ఎహ్సాన్ వాసన ఉంది. మిగతా 364 రోజులు పూర్తి ధర కట్టే మనిషికి ఒక్క రోజు ఖైరాత్ ఇచ్చి, ఆమె గొప్పతనాన్ని గుర్తించామంటారు. నా డబ్బుతో నన్ను కొని నాకే తోహ్ఫా ఇస్తున్నట్టు ఉంటుంది.

మా చెల్లెలు నన్ను కూర్చోబెట్టి హిసాబ్ చెప్పింది. పోస్టర్లు రాసే వాళ్లందరూ ఒకసారి వినాల్సిన హిసాబ్ అది.

తన దగ్గర ఫేషియల్ 600. అందులో క్రీములు, ప్యాకు, వాడి పారేసే నాప్కిన్లు కలిపి 170 ఖర్చు. చేసిన అమ్మాయికి జీతం కాక బిల్లు మీద పదిశాతం కమీషన్, అంటే 60. మిగిలిన 370లోంచి అద్దె, కరెంటు, జీతాలు పోవాలి. ఇప్పుడు సగం ధర పెడితే బిల్లు 300. క్రీము ఖర్చు సగమవదు కదా, 170 అలాగే ఉంటుంది. అమ్మాయి కమీషన్ మాత్రం 30 అవుతుంది. దుకాణానికి మిగిలేది 100.

"సరే, ఎక్కువ మంది వస్తారుగా?" అన్నాను.

"వస్తారు ఆపా. మామూలు ఆదివారం ఒక అమ్మాయి ఆరు ఫేషియళ్లు చేస్తే, ఆఫర్ రోజు తొమ్మిది చేస్తుంది. ఆరు అరవైలు 360. తొమ్మిది ముప్ఫైలు 270. ఎక్కువ పనికి తక్కువ మజ్దూరీ. మరి ఆ రోజు ఎవరి దినం?"

నాకు నోట మాట రాలేదు. పని చేసేదీ ఆడమనిషే, చేయించుకునేదీ ఆడమనిషే, మధ్యలో గులాబీ రంగు పోస్టర్. ఆ పోస్టర్ మీద రాసిన తగ్గింపులో కొంత ఆ అమ్మాయి జేబులోంచే పోతోంది.

గిరాకీకి కూడా మిగిలేదేం లేదు. సరిగ్గా చేస్తే ఫేషియల్‌కు దాదాపు గంట పడుతుంది. మసాజే పదిహేను ఇరవై నిమిషాలు, ఆపైన ప్యాకు ఆరడానికి మరో పదో పదిహేనో. తొమ్మిది మందిని తోయాలంటే ఎక్కడో కోయాలి. ఎక్కడ కోస్తారో తెలుసుకోవడం సులువు: మసాజ్ ఐదారు నిమిషాల్లో ముగిసిపోతుంది, ప్యాకు ఇంకా తడిగా ఉండగానే తుడిచేస్తారు. మొహం మీద ప్యాకు బిగుసుకోకముందే దూది పట్టుకుని ఎవరైనా మీ మీదికి వంగితే, మీకు సగం ధరకు సగం పనే అందిందని అర్థం. జుట్టుకు రంగు అయితే ఇంకా ఖతర్నాక్. చాలా రంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. అది కొందరికి పడదు, మాడు మండి, కళ్లు వాచి ఆసుపత్రి దాకా పోతారు. అందుకే 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాసి చూడాలి. ఆ రోజే వచ్చి, ఆ రోజే క్యూలో నిలబడి, ఆ రోజే రంగేసుకుని పొమ్మనే ఆఫర్‌లో ఆ 48 గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఈ దినం పుట్టిందే మజ్దూరీ అడగడానికి. 1910లో కోపెన్‌హేగన్‌లో జరిగిన సోషలిస్టు మహిళల సమావేశంలో క్లారా జెట్కిన్ ఇలాంటి రోజొకటి కావాలని ప్రతిపాదించింది. 1917లో పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు రొట్టె కోసం రోడ్డెక్కిన రోజు, మన క్యాలెండర్ ప్రకారం మార్చి 8. ఆ చరిత్రంతా ఫేషియల్ బెడ్ మీద చదివి వినిపించమనడం లేదు. కనీసం ఆ రోజు పనిచేసే పిల్ల కూలి కోయకుండా ఉంటే చాలు.

నీయత్ మంచిదైనా జుబాన్ చెడిపోతే ఏమవుతుందో పెద్ద కంపెనీలు మనకు చూపించాయి. 2021 మార్చి 8న బ్రిటన్‌లో బర్గర్ కింగ్ ట్విట్టర్‌లో ఆడవాళ్ల చోటు వంటగది అని ఒక వాక్యం పెట్టింది. కింద వరుసగా అసలు సంగతి చెప్పింది: హోటళ్ల వంటశాలల్లో ఆడ షెఫ్‌లు తక్కువ, వాళ్లకు స్కాలర్‌షిప్ ఇస్తాం అని. నీయత్‌లో ఖరాబీ లేదు. కానీ మొదటి వాక్యమే ఊరంతా తిరిగింది. చివరికి దాన్ని తీసేసి మాఫీ అడిగారు. మరుసటి ఏడాది మన దేశంలోనే ఫ్లిప్‌కార్ట్ ఆడవాళ్ల దినోత్సవానికి గిరాకీలకు మెసేజ్ పంపింది: మీ కోసం పండుగ, వంటింటి సామాన్లు 299 రూపాయల నుంచి. జనం తిట్టిపోశాక వాళ్లూ మాఫీ చెప్పారు. అదే 2022లో బ్రిటన్‌లో ఒక ట్విట్టర్ ఖాతా ఇంకో ఆట ఆడింది. ఆ దేశంలో 250 మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే కంపెనీలు ఆడ, మగ జీతాల తేడాను బయటపెట్టాలని చట్టం ఉంది. మార్చి 8న ఏ కంపెనీ ముబారక్ చెబితే దాని కింద, మీ దగ్గర ఆడవాళ్లకు గంటకు ఇంత తక్కువ అని ఆ కంపెనీ లెక్కే తెచ్చి అతికించింది. కొందరు గప్‌చుప్‌గా తమ ముబారక్‌లు తీసేసుకున్నారు. మన సెలూన్ పోస్టర్ కింద కూడా ఎవరైనా కమీషన్ లెక్క అతికిస్తే ఎన్ని పోస్టర్లు నిలుస్తాయో.

ఇంకొక మాట, ఇది మన ఇళ్లవాళ్లకు బాగా తెలిసిన మాట. నిరుడు మార్చి 8 ఏడో రోజా. ఈసారి పద్దెనిమిదో రోజా, పైగా ఆదివారం. నాకు వచ్చిన ఆఫర్లలో ఒకటి: ఫేషియల్‌తో జ్యూస్ ఫ్రీ. రోజాలో ఉన్న మనిషికి! ఇంకొకటి: గోళ్లకు జెల్ పాలిష్ ఫ్రీ. అది రెండు మూడు వారాలు ఊడదు. దాని కింద గోటికి నీళ్లు తగలవు, నీళ్లు తగలకపోతే వుజూ అవ్వదు. రంజాన్ నడుమ నమాజీ ఖాతూన్‌కు అది తోహ్ఫా అవుతుందా, తల్నొప్పి అవుతుందా? మూడోది సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు హ్యాపీ అవర్స్. ఆరూ ఇరవై ప్రాంతంలో ఇఫ్తార్. ఇవన్నీ మన మీద దుష్మనీతో చేసినవి కావు. ఎవరికి పంపుతున్నామో ఒక్క క్షణం ఆలోచించలేదు, అంతే. ఆడవాళ్లంటే అందరూ ఒకే అచ్చులో పోసిన బొమ్మలనుకుంటే పోస్టర్ ఇలాగే ఉంటుంది. నఫ్రత్ కంటే ఈ లాపర్వాహీయే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది. గిరాకీని పొగడటానికి ముందు ఆమె ఎవరో తెలుసుకోవాలి.

మన ఇళ్లలో కొందరు మొగవాళ్లు అంటారు: పార్లర్‌కు కూడా ఇజ్జత్, బేఇజ్జత్ ఏంటి, పోవడమే మానేస్తే సరి. 2023 జులైలో తాలిబన్లు అలాగే నెల రోజులు గడువిచ్చి అఫ్ఘానిస్తాన్‌లో సెలూన్లన్నీ మూయించారు. అప్పటికే చదువులు, ఆఫీసులు పోయిన ఆడవాళ్లకు కూలి దొరికే చోట్లలో అదొకటి. ఎన్ని పొయ్యిలు ఆరాయో! మా చెల్లెలి దుకాణం కూడా ముగ్గురు ఆడవాళ్ల రోటీ. పర్దా పాటించే మనిషి నఖాబ్ తీసి కాసేపు నిశ్చింతగా కూర్చునే చోటు. అందుకే దాన్ని తమీజ్‌గా నడపమంటున్నాను, మూయమనడం లేదు.

సరే, మరి తను చేసిందేంటి? నా మహారాణిని చించేసి, ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. చివరికి మిగిలింది ఇది:

"మార్చి 8, ఆదివారం. దుకాణం ఉదయం 9 నుంచి 5 వరకు, మళ్లీ రాత్రి 7.30 నుంచి 9.30 వరకు తెరిచి ఉంటుంది. రేట్లు మామూలు రేట్లే, బోర్డు తలుపు బయట ఉంది. లోపల మగవాళ్లు ఉండరు, కెమెరా లేదు. మీరు అడిగితే తప్ప మీ రంగు గురించి, ఒళ్లు గురించి మేం మాట్లాడం. ఈ ఏడాది మా దగ్గరికి వచ్చినందుకు షుక్రియా."

ఇందులో పొగడ్త లేదు. రంగు గురించిన లైను దగ్గర మాత్రం కాసేపు తక్‌రార్ అయింది. "అది రాస్తే అమ్మాయిలకు డీ-ట్యాన్ అమ్ముడుపోదు ఆపా, కమీషన్ పోతుంది" అంది. నిజమే. ఈ దేశంలో 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేశారు, గ్లో అని పెట్టారు. మన పార్లర్ కుర్చీ దగ్గర మాత్రం ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. ఆఖరికి తనే ఒక దారి చూసింది: డీ-ట్యాన్ బోర్డు మీద ఉంటుంది, అడిగిన వాళ్లకు చేస్తారు, అడగని వాళ్ల మొహం లైటు వైపు తిప్పరు. అమ్మాయిలిద్దరికీ ఆ నెల కమీషన్ తగ్గితే తను భర్తీ చేస్తానంది.

బోర్డు బయట పెట్టడం చిన్న సంగతేం కాదు. చాలా చోట్ల రేటు లోపలే, అదీ కుర్చీలో కూర్చున్నాక, మెడ చుట్టూ గుడ్డ కట్టాక చెబుతారు. అప్పుడు లేచి పోగలమా? బయట బోర్డు ఉంటే హాస్టల్ పిల్ల గుమ్మంలోనే తన పర్సుతో మష్వరా చేసుకుంటుంది. ఇంకా ఒకటుంది. నిరుడు సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ పనుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొన్న సరుకు మీద కట్టిన పన్నును ఇప్పుడు తీసివేసుకునే వీలు లేదు కాబట్టి ఆ తేడా మొత్తం మనకు రాదు, ఒప్పుకుంటాను. కానీ కొంతైనా బోర్డు మీద దిగాలి కదా? బోర్డు కదలకుండా, మార్చి 8న పది శాతం తగ్గించి అది తమ దిల్‌దారీ అన్నట్టు రాసుకునేవాళ్లు నాకు తెలుసు. ఏడాదికి 20 లక్షలు దాటని చిన్న దుకాణానికైతే జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో ఆ పన్ను వేస్తే నిలదీయండి.

గిరాకీలను సంబరం చేయడం ఎలాగన్న ప్రశ్నకు తన దగ్గర నాకంటే మంచి జవాబుంది. తన దగ్గరికి వచ్చేవాళ్లు ఏం పనులు చేస్తారో కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడే మనిషికి తెలియకుండా ఉంటుందా? ఒకామె బ్లౌజులు కుడుతుంది. ఒకామె ఇంట్లో చికెన్ పచ్చడి పెట్టి అమ్ముతుంది. ఒకామె పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంది. ఇంకొకామె ఖురాన్ చదవడం నేర్పుతుంది. పదకొండు మందిని అడిగి, వాళ్ల పనులు ఒక పెద్ద కాగితం మీద రాయించి అద్దం పక్కన అంటించింది. శీర్షిక: "మా దగ్గరికి వచ్చేవాళ్లు చేసే పనులు." అమ్మ, అక్క, ఆలి అన్న మాటలు ఎక్కడా లేవు. పని, ఊరు, ధర.

ఇక్కడా ఒక చిక్కు వచ్చింది. కాగితం పెట్టిన రెండో రోజే ఒకామె శౌహర్ ఫోన్ చేసి, మా ఇంట్లో వాళ్ల నంబరు గోడ మీద ఎందుకుందని గట్టిగా అడిగాడు. ఆమె ఒప్పుకున్నదే, కానీ ఇంట్లో ఝగ్డా పెట్టడం మన పని కాదు. నంబర్లన్నీ కొట్టేసి, కావాల్సినవాళ్లు దుకాణంలో అడిగితే ఆమెకు చెప్పి కలుపుతామని కింద రాసింది. ఇజాజత్ ఒక్కసారి అడిగితే సరిపోదని, ఎక్కడ, ఎవరు చూస్తారో కూడా చెప్పి అడగాలని మాకు అప్పుడు తెలిసింది.

మార్చి 8 రాత్రి పది తర్వాత ఫోన్ చేశాను. గల్లా ఎలా ఉందన్నాను. మామూలు ఆదివారం కంటే కొంచెం తక్కువేనట. హాస్టల్ పిల్లలు ఇద్దరు వచ్చి, "ఆఫర్ లేదా అక్కా?" అని అడిగి, సగం ధర ఉన్న చోటికి వెళ్లిపోయారట. వాళ్లను నేను తప్పు పట్టను. నెలాఖరు దాకా పైసలు చాలాలి కదా. తక్కువ పైసలున్నవాళ్లకు సగం ధర మంచిదేగా అని నన్ను అడిగేవాళ్లుంటారు. మంచిదే, కానీ వాళ్ల పర్సు మార్చి 9న కూడా అలాగే ఉంటుంది. చదువుకునే పిల్లలకు ఏడాది పొడవునా ఒక రేటు పెట్టి, బోర్డు మీద రాసేస్తే అది నేను ఒప్పుకునే తగ్గింపు. మా చెల్లెలు ఇప్పుడు థ్రెడింగ్‌కు, హెయిర్ కట్‌కు అలా పెట్టింది. ఫేషియల్‌కు పెట్టలేనంది, ఆ 170 సంగతి మీకు చెప్పాను కదా.

పచ్చళ్లామెకు ఆ వారంలో నాలుగు కిలోల ఆర్డరు వచ్చిందట. ఇఫ్తార్ తర్వాత వచ్చిన ఒక పెద్దామె కాగితమంతా చదివి, "నేను నల్భై సాల్ నుంచి రజాయిలు కుడుతున్నా బేటీ, నన్నెందుకు రాయలేదు?" అని కోప్పడి పోయిందట. పన్నెండో లైను ఆమెది.

వచ్చే ఏడాది చాంద్ ఎలా కనబడినా మార్చి 8 ఈద్‌కు ఒకటి రెండు రోజుల ముందే పడుతుంది. మెహందీ గిరాకీ విరుచుకుపడే రోజులు. మా చెల్లెలు ఇప్పుడే అడుగుతోంది, చేతికి ఎంత అని ముందే బోర్డు మీద రాసేయనా ఆపా, లేక చాంద్ రాత్ రేటు వేరే పెట్టనా అని. వేరే పెట్టు, కానీ ఎంతో ఇప్పుడే రాయి, ఆ రాత్రి కోన్ వేసే అమ్మాయికి అందులో ఎంతో అది కూడా రాయి అన్నాను. బోర్డు మీద అంత చోటు లేదంటోంది. ఇంకో బోర్డు కొనమన్నాను.